పటంలో పచ్చదనం, పూతలో పురుగు
మిర్చి, పత్తి చేలలో డ్రోన్, ఉపగ్రహ చిత్రాలు: చేయవలసినవి, చేయకూడనివి

2021 చివరి నెలల్లో గుంటూరు, ప్రకాశం మిర్చి చేల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. మనకు పాతకాలం నుంచి తెలిసిన తామర పురుగు లేత ఆకును గీకి రసం పీల్చి పైముడత తెస్తుంది. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ కొత్త పురుగు మాత్రం ఎక్కువగా పూలలో చేరుతుంది. పూత రాలుతుంది, పిందె నిలవదు, నిలిచిన కాయ కూడా వంకరపోతుంది. రైతులు మందు మీద మందు కొట్టి, ఆఖరికి తోటలు పీకేసిన ఊళ్లున్నాయి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పూత రాలుతున్న తొలి రోజుల్లో చెట్టు పచ్చగానే ఉంటుంది. కాయ పట్టని మొక్క ఆకు వేసుకుంటూ పోతుంది. అలాంటి చేనును ఆకాశం నుంచి తీసి పంట సూచిక లెక్క కడితే పటం నిండా ఆకుపచ్చే వస్తుంది. ఆ పటాన్ని నమ్మి వారం రోజులు చేలోకి దిగని రైతు ఆ ఏడాది పూతను పోగొట్టుకున్నట్టే. దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. పటంలో ఎర్రమచ్చ కనబడగానే అదేమిటో చూడకుండా డ్రమ్ములో మందు కలపడం. మొదటి తప్పుకు పంట పోతుంది. రెండో తప్పుకు డబ్బుతోపాటు మందు కొట్టే మనిషి ఆరోగ్యం పోతుంది. జాగ్రత్తలన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. డ్రోన్ రెక్కలు, బ్యాటరీలు, కరెంటు తీగల ప్రమాదాలు వీటికి అదనం.

పటం ఏం చెబుతుందో ముందు తెలుసుకోండి

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని మింగేసుకుంటుంది. కంటికి కనబడని పరారుణ కాంతిని మాత్రం వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడాను, మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డివిఐ. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఎవరికైనా ఉచితం. వాటిలో ఎరుపు పట్టీ పేరు B4, పరారుణ పట్టీ పేరు B8:

```
NDVI = (B8 - B4) / (B8 + B4)
```

దుక్కి దున్నిన నల్లరేగడిలో ఈ అంకె చాలా తక్కువ ఉంటుంది. సాళ్లు కలిసిపోయిన పత్తిలో 0.7, 0.8 దాకా వెళుతుంది. నీళ్లు నిలిచిన చోట సున్నాకు దిగుతుంది, ఇంకా కిందికీ పోతుంది. అంటే ఈ అంకె చెప్పేది ఆ చోట పచ్చని ఆకు ఎంత ఉందన్న మాట ఒక్కటే. ఆకు ఎందుకు తగ్గిందో అది చెప్పదు. పూత ఎలా ఉందో చెప్పదు. కాయ లోపల గులాబీ రంగు పురుగు ఉందో లేదో అసలే చెప్పదు. పత్తిలో ఆ పురుగు గూడ లోపల గింజ తింటున్నా పైన ఆకు నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే పటం ఎంత పచ్చగా ఉన్నా పూత, కాయ దశల్లో చేలోకి దిగి చూసే అలవాటును మానకండి. లింగాకర్షక బుట్టలు, నీలిరంగు జిగురు అట్టలు చూసే పనిని పటానికి అప్పగించకండి.

చిన్న కమతం మీద ఉపగ్రహ పటంతో తీర్పు చెప్పకండి

సెంటినెల్-2లో ఒక్కో గడి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ఎకరం చేను నలుచదరంగా ఉంటే పక్కకు ఆరు గడుల చొప్పున సుమారు ముప్పయ్యారు గడులు పడతాయి. అందులో అంచున ఉన్న ఇరవై గడుల్లో గట్టు, డొంక, పక్కవాడి కంది అన్నీ కలిసిపోతాయి. అచ్చంగా మీ చేనే అనదగినవి పదహారు. అదే అయిదెకరాల ఏకచెక్క అయితే లోపలి గడులు నూట నలభై దాకా మిగులుతాయి. అప్పుడు ఆ పటానికి కాస్త బలం వస్తుంది. కాబట్టి అంచు గడులను వదిలేసి లోపలివే చూడండి. గట్టు వెంట సన్నగా ఎర్రగీత కనబడితే అది తెగులని కంగారు పడకండి.

మబ్బును తెగులనుకోకండి

మిర్చి నాటేది, పత్తి ఎదిగేది వానాకాలంలోనే. ఉపగ్రహం మన మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో పోతుంది. మబ్బు పట్టిన రోజు చిత్రం పనికిరాదని అందరికీ తెలుసు. మోసం చేసేవి పలచటి పైమబ్బు, మబ్బు నీడ. మామూలు ఫొటోలో అవి ఉన్నట్టే తెలియదు, ఎన్‌డివిఐ మాత్రం పడిపోతుంది. చిత్రంతోపాటు SCL అనే పొర వస్తుంది. ప్రతి గడి ఏమిటో అందులో అంకె వేసి ఉంటుంది. 3 అంటే మబ్బు నీడ, 8, 9 అంటే మబ్బు, 10 అంటే పలచటి పైమబ్బు. మీ చేను మీద ఈ అంకెలుంటే ఆ రోజు పటాన్ని పక్కన పెట్టండి. అది కూడా చూసుకోలేనప్పుడు పటాన్ని ఎడంగా చేసి చుట్టూ నాలుగైదు ఊళ్లు చూడండి. ఎర్రదనం మీ గట్టు దగ్గర ఆగకుండా రోడ్డు, చెరువు దాటి పరుచుకుపోతే అది మబ్బు పనే.

2022కు ముందు చిత్రాన్ని, తర్వాతి చిత్రాన్ని ముడిగా పోల్చకండి

ఇది తెలియక మోసపోయేవాళ్లు చదువుకున్న పిల్లల్లోనే ఎక్కువ. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 చిత్రాల తయారీ పద్ధతి మారింది. అప్పటినుంచి ప్రతి గడి అంకెకూ 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేయకుండా లెక్క కడితే ఏమవుతుందో చూడండి. మంచి పత్తి చేను ఎరుపు కాంతిలో నూటికి 5 పాళ్లు, పరారుణంలో 40 పాళ్లు వెనక్కి పంపుతుందనుకుందాం. పాత పద్ధతిలో ఆ అంకెలు 500, 4000. ఎన్‌డివిఐ 0.78 వస్తుంది. కొత్త పద్ధతిలో అదే చేను 1500, 5000గా కనబడుతుంది. వెయ్యి తీసేయకపోతే 0.54 వస్తుంది. చేనులో ఒక్క ఆకు మారలేదు. పటంలో మాత్రం మూడోవంతు పంట పోయినట్టు కనబడుతుంది. కోపర్నికస్ బ్రౌజర్‌లో చూసేవారికి ఈ చిక్కు లేదు, అది సరిచేసే చూపిస్తుంది. ఫైళ్లు దించుకుని సొంతంగా లెక్క కట్టేవారు వెయ్యి తీసేయాలి. గూగుల్ ఎర్త్ ఇంజిన్ వాడేవారు `COPERNICUS/S2_SR_HARMONIZED` అనే పేరున్నదే తీసుకోవాలి.

ఇంకో పోలిక కూడా వద్దు. జనవరి తర్వాత మిర్చి పండి, ఆకు ముదిరి రాలేకొద్దీ అంకె దానంతటది తగ్గుతుంది. డిసెంబరు పటం పక్కన ఫిబ్రవరి పటం పెట్టి తెగులు పాకిందనకండి. అదే రోజు చిత్రంలో, అదే వారం నాటిన పక్క చేలతో పోల్చండి.

డ్రోన్ ఎగరేసే ముందు

ఉపగ్రహ పటంలో అనుమానం తగిలిన చోటికి డ్రోన్ పంపితే ఆ చోటు సాళ్లతో సహా కనబడుతుంది. అరవై మీటర్ల ఎత్తు నుంచి మంచి కెమెరా తీసే చిత్రంలో ఒక్కో గడి మూడు నాలుగు సెంటీమీటర్లే. అయితే డ్రోన్‌కు చట్టం ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం యంత్రానికి నమోదు నంబరు ఉండాలి. పావుకిలో దాటినదానికి ఎదుటివారి నష్టం భరించే బీమా ఉండాలి. రెండు కిలోలు దాటితే నడిపేవారికి పైలట్ సర్టిఫికెట్ తప్పదు. పావుకిలో దాటి రెండు కిలోల లోపు ఉన్నదైనా కిరాయికి ఎగరేస్తే సర్టిఫికెట్ కావలసిందే. కిరాయికి పిలిచేవారు ముందు ఈ కాగితాలు అడగండి, తర్వాత రేటు మాట్లాడుకోండి.

డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చగా చూపిన ప్రాంతంలో కూడా 120 మీటర్ల పైకి పోకూడదు. మన వైపు బాపట్ల తీరాన సూర్యలంక వైమానిక దళ కేంద్రం ఉంది. కొరిశపాడు, రేణంగివరం మధ్య జాతీయ రహదారి మీద విమానాలు అత్యవసరంగా దిగే రన్‌వే ఉంది. 2022 డిసెంబరు 29న అక్కడ యుద్ధవిమానాలతో ట్రయల్ కూడా చేశారు. ఈ ప్రాంతాలకు దగ్గర్లో చేలున్నవారు నిన్న ఎగరేశాం కదా అని ఈరోజు ఎగరేయకండి. ఆ ఉదయం ఆ మ్యాప్ తెరిచి చూసుకున్న తర్వాతే ఎగరేయండి.

ట్రాక్టరు ట్రక్కు మీద నుంచి లేపకండి

చదునుగా ఉందని చాలామంది ట్రక్కు మీద పెట్టి లేపుతారు. కింద ఉన్న ఇనుము డ్రోన్‌లోని దిక్సూచిని తప్పుదోవ పట్టిస్తుంది. బోరు కేసింగు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గరా అంతే. చేను పక్కన ఖాళీ నేల మీద పట్టా పరిచి, దాని మీద నుంచి లేపండి. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకోండి. డ్రోన్ చప్పుడు వినగానే పిల్లలు పరిగెత్తుకొస్తారు కాబట్టి వాళ్లను ఆపడానికే ఒక మనిషిని పెట్టండి. నడిపేవాడి కళ్లు ఆ పనికి చాలవు.

సిగ్నల్ తెగితే డ్రోన్ తనంతట తాను తిరిగి వస్తుంది. ఆ తిరుగు ప్రయాణం ఎంత ఎత్తులో ఉండాలో ముందే పెట్టాలి. చేలో పంట నడుమెత్తే కదా అని ఇరవై మీటర్లు పెట్టకండి. మన గట్ల మీద తాటిచెట్లు ఉంటాయి. ప్రకాశంలో సుబాబుల్, జామాయిల్ తోటలు ఉంటాయి. చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తయిన చెట్టునూ టవరునూ చూసి, వాటికి పైన కనీసం పది పదిహేను మీటర్లు ఉండేట్టు పెట్టండి.

మోటార్ల కోసం చేలకు అడ్డంగా పోయే 11 కె.వి. లైను దూరం నుంచి కెమెరాలో కనబడదు. నడిచి వెళ్లి స్తంభాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూసుకోండి. డ్రోన్ తీగలకు చిక్కుకుంటే గెడ కర్రతో లాగకండి, ఫ్యూజు మీరే తీయకండి. దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా లైన్‌మన్‌కు గానీ 1912కు గానీ ఫోన్ చేయండి. గద్ద మీదికొస్తే కిందికి దించకుండా నిటారుగా పైకి లేపండి. గద్ద పైనుంచే తంతుంది, తిన్నగా పైకి లేచేదాన్ని త్వరగా అందుకోలేదు.

కూలీల మీదుగా, కల్లాల మీదుగా పోకండి

మిర్చి కోతకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చేలో వరసగా వంగి కోస్తున్న ఆడవాళ్ల తలల మీదుగా డ్రోన్ పోనివ్వకండి. పట్టాల గుడిసెల వైపు కెమెరా తిప్పకండి. ఎగరేసే రోజు ముందు రాత్రే మేస్త్రీకి చెప్పి, ఆ చెక్కలో కోత లేని పూట చూసుకోండి. కల్లం దగ్గర డ్రోన్ లేపితే రెక్కల గాలికి ఎండుమిర్చి ఎగిరి, పొడి లేచి కూలీల కళ్లలో పడుతుంది. కల్లానికి కనీసం యాభై అడుగుల దూరంగా, గాలివాలు చూసుకుని లేపండి.

బ్యాటరీని పత్తి పక్కన ఛార్జింగ్ పెట్టకండి

ఈ ఒక్కటి మాత్రం ఎవరు నవ్వినా చెబుతాను. ధర వస్తుందని పత్తిని ఇంట్లోనే, మంచాల పక్కన గోడెత్తున పోసుకునే ఊళ్లు మనవి. ఇంట్లో మిర్చి టిక్కీలూ ఉంటాయి. లిథియం బ్యాటరీ అంటుకుంటే నిప్పురవ్వలు చిమ్ముతుంది. పత్తికి ఒక్క రవ్వ చాలు. ఛార్జింగ్ వరండాలో, గచ్చు మీద, మనిషి కళ్ల ముందే జరగాలి. రాత్రి పెట్టి పడుకోకూడదు. పక్కన ఇసుక బకెట్టు ఉంచండి. చేలో నుంచి వచ్చిన బ్యాటరీ చేతికి వేడిగా తగిలితే అది చల్లారాకే ఛార్జింగ్ పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని పొడవకండి, మళ్లీ వాడకండి. నాలుగు రోజుల పాటు ఎగరేసే పని లేకపోతే సగం ఛార్జితో దాచండి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద గానీ, బండి పెట్టెలో గానీ వదిలేయకండి.

వెలుతురు ఒకేలా ఉన్నప్పుడు తీయండి

పొద్దున్నే మంచు పడిన ఆకు, సాయంత్రం పొడుగు నీడలు లెక్కను చెడగొడతాయి. పది నుంచి రెండు గంటల మధ్య తీయండి. కెమెరాతో వచ్చిన బూడిదరంగు పలకను ఎగరకముందు ఒకసారి, దిగాక ఒకసారి ఫొటో తీయండి. అప్పుడే ఈ వారం అంకెను వచ్చే వారం అంకెతో పోల్చడానికి వీలవుతుంది. మబ్బు వస్తూ పోతూ ఉంటే ఆ రోజు ఆపేయండి. లేకపోతే సగం చేను ఎండలో, సగం నీడలో వచ్చి, ఆ నీడ సగమే తెగులుగా తేలుతుంది.

మచ్చ ఆకారం చదివి, ఆ తర్వాత చేలోకి దిగండి

అయిదెకరాల మిర్చి చెక్క ఒకటి అనుకుందాం. మొత్తం మీద అంకె 0.65 ఉంది. ఈశాన్య మూల అరెకరంలో 0.45కు పడింది. పది రోజుల కింద అక్కడా 0.62 ఉంది. మచ్చ సాలు వెంట చారలా తిన్నగా ఉంటే డ్రిప్పు గొట్టం పూడిందేమో చూడాలి. పల్లం వైపు జారినట్టుంటే నీళ్లు నిలిచాయేమో చూడాలి. గుండ్రంగా అక్కడక్కడా ఉంటే ఎండు తెగులు కావచ్చు. గట్టు వైపు నుంచి లోపలికి వస్తుంటే పక్క చేలో కొట్టిన కలుపు మందు గాలికి తగిలిందేమో అడగాలి. ఇవన్నీ అనుమానాలే. చేలో మొక్క చూశాకే వాటిలో ఏది నిజమో తేలుతుంది.

మచ్చ మధ్యలో అయిదు మొక్కలు, మచ్చ అంచున అయిదు, బాగున్న వైపు అయిదు చూడండి. బాగున్న వైపు చూడడం మానకండి, పురుగు అక్కడే మొదలై ఉండవచ్చు. ఒక్కో మొక్క నుంచి నాలుగైదు పూలు తెల్ల కాగితం మీద దులపండి. నల్లటి సన్న పురుగులు పరిగెత్తితే తెలిసిపోతుంది. ఆకు వెనక తిప్పండి. అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఒక మొక్క పీకి వేరు చూడండి. మన ఉదాహరణలో ఆ మూల వేళ్లు నల్లబడి, మట్టి బురదగా ఉందనుకోండి. అక్కడ కావలసింది కాలువ తీయడం. ఏ పురుగుమందూ ఆ మచ్చను పచ్చగా చేయదు. అదే సమయంలో పటంలో పచ్చగా ఉన్న పడమటి వైపు పూలలో నల్ల తామర పురుగు దొరికితే అసలు పని అక్కడ ఉంది. ఆ పూలు ఒక సంచిలో, ఆ మొక్క ఇంకో సంచిలో వేసుకుని రైతు సేవా కేంద్రానికి గానీ, గుంటూరు లాం పరిశోధనా స్థానానికి గానీ తీసుకెళ్లండి. పటం ఫొటో ఒక్కటే వాట్సాప్‌లో పంపి మందు పేరు అడగకండి.

మందు కొట్టిన చేలోకి పటం పట్టుకుని వెళ్లకండి

పటం వచ్చిన ఉత్సాహంలో మరిచిపోయేది ఇదే. ఆ చేలో చివరిసారి ఏ మందు, ఎప్పుడు కొట్టారో అడిగాకే దిగండి. కొట్టి కనీసం 24 గంటలు కావాలి. లేబుల్ మీద అంతకన్నా ఎక్కువ రాసి ఉంటే అన్నాళ్లు ఆగాలి. కౌలు చేలల్లో రైతు ఒకరు, కొట్టించేది మరొకరు కాబట్టి ఇద్దరినీ అడగండి. నిండు చొక్కా, కాళ్లకు బూట్లు, చేతికి తొడుగులు లేకుండా ఎదిగిన పత్తిలోకి పోకండి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ పత్తి చేలలో పురుగుమందు సోకి 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది పత్తి తలెత్తు పెరిగి, కొట్టిన మందు కొట్టేవాడి ముఖానే పడింది. ఎన్‌డివిఐ బాగా ఎక్కువ చూపించే చేనంటే అలా గుబురుగా పెరిగిన చేనే. పటంలో చిక్కటి ఆకుపచ్చ ఉన్న చోట లోపలికి వెళ్లి కొట్టడం మరింత ప్రమాదమని గుర్తుంచుకోండి.

డబ్బా మీద త్రికోణం రంగుకూ పటం రంగుకూ సంబంధం లేదు. ఎర్ర త్రికోణం అత్యంత విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం. ఆకుపచ్చ త్రికోణం ఉన్నదీ విషమే, తీవ్రత తక్కువ. పటాలు తీసే డ్రోన్‌కు ట్యాంకు కట్టి మందు కొట్టించకండి. పిచికారీ డ్రోన్లు వేరు. వాటికి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో విడిగా నియమావళి ఇచ్చింది.

చేలో తిరిగొచ్చాక తల తిప్పడం, చెమటలు పట్టడం, నోట్లో నీరూరడం, చూపు మసకబారడం మొదలైతే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టకండి. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లంతా కడగండి. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. 108కి ఫోన్ చేయండి. వెంట మందు డబ్బా గానీ, లేబుల్ ఫొటో గానీ తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరు విరుగుడు త్వరగా మొదలుపెట్టగలరు.